ఎక్సెల్‌లో టోటల్ రావడం లేదు, ఫార్ములా చెప్పండి ప్లీజ్

యార్డు_గుమస్తా (గుంటూరు), రాత్రి 8.40

అందరికీ నమస్కారం. ఎక్సెల్‌లో టోటల్ రావడం లేదు. మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను. కరెక్ట్ ఫార్ములా ఏంటో ఎవరైనా చెప్పండి. చాలా అర్జెంట్. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు లెక్కలన్నీ తేల్చాలని ఓనర్ గారు అంటున్నారు.

వస్త్రలత_హోల్‌సేల్ (విజయవాడ), రాత్రి 8.52

దీనికి టెన్షన్ ఎందుకు తమ్ముడూ, SUM పెడితే వచ్చేస్తుంది. ఇది కాపీ చేసుకో.

```
=SUM(A1:A100)
```

యార్డు_గుమస్తా, రాత్రి 9.01

పెట్టాను అన్నా, 0 వచ్చింది. అయినా మొత్తం ఒకటే కాదు, ఎవరిది వాళ్లకు విడిగా రావాలి.

వస్త్రలత_హోల్‌సేల్, రాత్రి 9.05

అలా అయితే SUMIF. లేదంటే VLOOKUP పెట్టి చూడు. మా కొట్టులో పార్టీల బాకీలు VLOOKUP తోనే తెస్తాం.

పట్టాభిపురం_టీచర్ (గుంటూరు), రాత్రి 9.10

నాకూ ఇదే సమస్య అండి. పిల్లల మార్కుల్లో పరీక్ష రాయని వాళ్లకు AB అని వేస్తాను. ఆ పిల్లల వరుసలో టోటల్ దగ్గర #VALUE! అని వస్తోంది. మిగతా వాళ్లకు బాగానే వస్తోంది. మీ షీట్‌లో కూడా ఎక్కడైనా AB ఉందేమో చూడండి.

యార్డు_గుమస్తా, రాత్రి 9.14

మాది మార్కుల షీట్ కాదు మేడమ్. SUMIF పెట్టినా 0 వస్తోంది. VLOOKUP పెడితే ఇంకేదో వస్తోంది.

ఆటోనగర్_స్టోర్స్ (విజయవాడ), రాత్రి 9.20

గుమస్తా గారూ, ఏ కాలమ్‌లో ఏముందో మీరు ఇంతవరకూ చెప్పలేదు. పేర్లు ఎక్కడున్నాయి, కలపాల్సిన అంకెలు ఎక్కడున్నాయి, ఎన్ని వరుసలు, టోటల్ ఏ సెల్‌లో రావాలి? ఇవేవీ తెలియకుండా ఎవరు ఏ ఫార్ములా ఇచ్చినా అది ఊహే. ఇందాక అన్న A1:A100 ఇచ్చారు, మీ అంకెలు అసలు A కాలమ్‌లో ఉన్నాయో లేదో ఆయనకు తెలియదు. స్క్రీన్‌షాట్ పెట్టండి.

యార్డు_గుమస్తా, రాత్రి 9.31

చెప్పాను కదండీ, రైతు పేరు ఎదురుగా టోటల్ రావాలి. స్క్రీన్‌షాట్ పెట్టలేను. అవి కొట్టు లెక్కలు, రైతుల పేర్లూ రేట్లూ బయట పెట్టానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఆఫీసు కంప్యూటర్‌కి నెట్ కూడా లేదు, నేను ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. ఫార్ములా ఒక్కటి చెప్తే చాలు.

అరండల్‌పేట_అకౌంట్స్ (గుంటూరు), రాత్రి 9.58

గుమస్తా గారూ, షీట్ పెట్టకపోవడమే మంచిది. రైతుల లెక్కలు బయట పెట్టకూడదు, మీరు చేసింది సరైన పని. షీట్ చూపించకుండానే ఇది తేల్చవచ్చు. నేను అడిగే చిన్న పనులు రెండు మూడు చేసి, ఏం కనిపించిందో అదే రాయండి.

ముందుగా ఒక మాట. మీరు తెలియకుండానే మాకు ఒక ఆధారం ఇచ్చారు, అది ఆ 0. ఫార్ములా పేరు తప్పు టైప్ చేస్తే #NAME? వస్తుంది. VLOOKUP కి వెతికిన పేరు దొరక్కపోతే #N/A వస్తుంది. SUMIF మాత్రం ఏ ఎర్రరూ లేకుండా 0 చూపించిందంటే ఫార్ములా నడిచింది, కానీ కలపడానికి దానికి ఏమీ దొరకలేదు. అలా దొరక్కపోవడానికి మామూలుగా రెండు కారణాలు ఉంటాయి. మీరు అడిగిన పేరు ఆ కాలమ్‌లో ఉన్న పేరుతో కలవకపోవడం ఒకటి. పేరు కలిసినా ఎదురుగా ఉన్న అంకె ఎక్సెల్ దృష్టిలో అంకె కాకపోవడం రెండోది. చివరికి మొదటి SUM కూడా 0 ఇచ్చింది. మీ అంకెలు A కాలమ్‌లో లేకపోతే దానికి విలువ లేదు, ఉంటే మాత్రం రెండో కారణం మీదే నాకు అనుమానం.

ఇప్పుడు ఇది చేయండి. బరువులో డబ్బులో, మీరు కలపాలనుకుంటున్న అంకెలను మౌస్‌తో పై నుంచి కింద దాకా సెలెక్ట్ చేయండి. ఏమీ టైప్ చేయొద్దు. కిటికీ అడుగున కుడివైపు ఒక పట్టీ ఉంటుంది, అక్కడ Average, Count, Sum అని మూడూ కనిపిస్తున్నాయా, Count ఒక్కటే కనిపిస్తోందా? పక్కన ఉన్న అంకెతో సహా రాయండి.

వస్త్రలత_హోల్‌సేల్, రాత్రి 10.04

నాకు అర్థమైంది. అది టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉంది. సెల్స్ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, Format Cells, అందులో Number అని మార్చు. అయిపోతుంది. మాకూ ఒకసారి ఇలాగే వచ్చింది.

అరండల్‌పేట_అకౌంట్స్, రాత్రి 10.11

అన్న గారూ, జబ్బు మీరు సరిగ్గానే పట్టుకున్నారు, మందు మాత్రం పని చేయదు. Format Cells లో Number అని మార్చితే ఇకపై టైప్ చేసే అంకెలకు అది వర్తిస్తుంది. ఇప్పటికే లోపల టెక్స్ట్‌గా కూర్చున్నది మాత్రం టెక్స్ట్‌గానే ఉండిపోతుంది. ఆ సెల్‌లోకి వెళ్లి F2 నొక్కి ఎంటర్ కొడితే అప్పుడు మారుతుంది. మీకు ఆ రోజు పని చేసి ఉంటే, ఆ తర్వాత అంకెలు మళ్లీ టైప్ చేసి ఉంటారు. పదిహేను సెల్స్ అయితే అలా చేయవచ్చు, వందల్లో ఉంటే కుదరదు.

యార్డు_గుమస్తా, రాత్రి 10.15

సార్, Count: 214 అని ఉంది. ఇంకేమీ లేదు. Sum లేదు.

అరండల్‌పేట_అకౌంట్స్, రాత్రి 10.38

చాలా మంచి సమాచారం ఇచ్చారు. 214 సెల్స్‌లో ఏదో ఉంది, కానీ వాటిలో ఒక్కటి కూడా అంకె కాదు. ఒక్క నిజమైన అంకె ఉన్నా Sum కనిపించేది. అంటే మీ ఫార్ములా మొదటి నుంచీ సరిగ్గానే ఉండి ఉండవచ్చు. ఈ లెక్కలు వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తీసి ఎక్సెల్‌లో పేస్ట్ చేశారా?

అలా తెచ్చినప్పుడు అంకెల వెనక కంటికి కనిపించని ఖాళీ ఒకటి అంటుకుని వచ్చే అవకాశం ఉంది. అది స్పేస్ బార్ నొక్కితే వచ్చే ఖాళీ కాదు, వెబ్ పేజీల్లో వాడే మరో రకం ఖాళీ. కోడ్ నంబరు 160. స్పేస్ బార్ ఖాళీది 32. రెండూ తెర మీద ఒకేలా ఉంటాయి. TRIM అనే ఫంక్షన్ 32ని తీసేస్తుంది, 160ని ముట్టుకోదు. చాలామంది TRIM పెట్టి, పని చేయలేదని వదిలేసేది ఇక్కడే.

మీది మామూలు టెక్స్టా, ఈ 160 కూడా ఉందా అన్నది ఒక పరీక్షతో తెలుస్తుంది. ఖాళీ సెల్ ఒకటి తీసుకుని, మీ రెండు బరువుల సెల్స్‌ను ప్లస్ గుర్తుతో కలపండి. మీ అంకెలు D కాలమ్‌లో ఉన్నాయనుకుంటే ఇలా ఉంటుంది, వేరే కాలమ్ అయితే ఆ అక్షరం వేసుకోండి.

```
=D2+D3
```

సరైన మొత్తం వస్తే అది ఉత్తి టెక్స్ట్. ప్లస్ గుర్తు టెక్స్ట్‌ను కూడా అంకెగా మార్చుకుని కలుపుతుంది. SUM, SUMIF అలా మార్చుకోవు, వదిలేస్తాయి. ప్లస్ పెట్టినా #VALUE! వస్తే లోపల అంకె కానిది ఇంకేదో ఉన్నట్టు.

పట్టాభిపురం_టీచర్, రాత్రి 10.44

సార్, మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను మార్కులన్నీ ప్లస్ పెట్టే కలుపుతున్నాను. నాకు AB దగ్గర #VALUE! రావడానికి ఇదే కారణమా?

అరండల్‌పేట_అకౌంట్స్, రాత్రి 10.49

అదే మేడమ్. AB ని అంకెగా మార్చడం ప్లస్‌కు చేతకాదు, అందుకే అక్కడ ఆగిపోయింది. మీరు SUM వాడండి, అది AB ని వదిలేసి మిగతా మార్కులు కలుపుతుంది. గుమస్తా గారిని ఇబ్బంది పెట్టిన గుణమే మీకు ఉపయోగపడుతుంది. కాకపోతే మార్కులు కూడా టెక్స్ట్‌గా ఉంటే వాటినీ అలాగే వదిలేస్తుంది కాబట్టి, ముందు అడుగు పట్టీలో Sum కనిపిస్తోందో లేదో చూసుకోండి.

యార్డు_గుమస్తా, రాత్రి 10.55

#VALUE! వచ్చింది సార్. అవును, కాటా లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి తీసి పేస్ట్ చేసినవే. పేర్లూ అందులోవే. ఇప్పుడు ఏం చేయాలి?

అరండల్‌పేట_అకౌంట్స్, రాత్రి 11.25

మీ షీట్ నాకు కనిపించదు కాబట్టి, నా దగ్గర అలాంటిదే చిన్నది ఒకటి చేసుకున్నాను. B లో రైతు పేరు, C లో టిక్కీలు అంటే మిర్చి బస్తాలు, D లో బరువు కేజీల్లో. నాలుగే వరుసలు, పేర్లు ఉత్తుత్తివి. దీన్ని చూసి మీది ఎక్కడ తేడాగా ఉందో మీరే పోల్చుకోండి.

రెండో వరుసలో రామయ్య, 20 టిక్కీలు, 836.5. మూడో వరుసలో సుబ్బయ్య, 12 టిక్కీలు, 498. నాలుగో వరుసలో మళ్లీ రామయ్య, 15 టిక్కీలు, 631. ఈ పేరు వెనక నేను కావాలని 160 ఖాళీ పెట్టాను. ఐదో వరుసలో ఇంకోసారి రామయ్య, 8 టిక్కీలు, 334.5. ఇక్కడ బరువు వెనక ఆ ఖాళీ పెట్టాను.

చేత్తో కలిపితే రామయ్యకు 836.5, 631, 334.5 కలిపి 1802 కేజీలు రావాలి. SUMIF పెడితే 836.5 వచ్చింది. నాలుగో వరుసలో పేరు కలవలేదు, ఐదో వరుసలో పేరు కలిసింది కానీ బరువు అంకె కాదు. ఒక్క ఎర్రరూ చూపించలేదు. మీకు 0 వచ్చింది కాబట్టి మీరు అనుమానించారు. నాకొచ్చినట్టు 836.5 వచ్చి ఉంటే సరే అనుకుని పట్టీ రాసేసేవాళ్లం, 965.5 కేజీలకు ఆ రైతుకు డబ్బు అందేది కాదు. అందుకే ఏ ఫార్ములా పెట్టినా ముందు ఒక్క రైతుది చేత్తో కలిపి చూసుకోమని మా దగ్గర పనికి చేరిన ప్రతి ఒక్కరికీ చెప్తాను.

ఇప్పుడు శుభ్రం చేయడం. ముందు ఫైల్‌ను వేరే పేరుతో సేవ్ చేసి ఒక కాపీ పెట్టుకోండి. తర్వాత షీట్‌లో కుడివైపు ఖాళీగా ఉన్న రెండు కాలమ్స్ తీసుకోండి. ఒకదాంట్లో పేరుకు ఇది.

```
=TRIM(SUBSTITUTE(B2,UNICHAR(160)," "))
```

రెండోదాంట్లో బరువుకు ఇది.

```
=VALUE(SUBSTITUTE(D2,UNICHAR(160),""))
```

మొదటిది ఆ మొండి ఖాళీని మామూలు ఖాళీగా మార్చి, అప్పుడు TRIM తో అంచుల్లో ఉన్నది తీసేస్తుంది. రెండోది ఖాళీని పూర్తిగా తీసేసి, మిగిలినదాన్ని అంకెగా చేస్తుంది. కింద దాకా లాగండి. బరువు దగ్గర ఎక్కడైనా #VALUE! వస్తే ఆ సెల్ ఖాళీగా ఉండి ఉంటుంది, లేదా అంకె పక్కన కేజీ అనో మరేదో అక్షరం ఉండి ఉంటుంది. అలాంటివి చేత్తో సరిచేయాలి. తర్వాత ఈ రెండు కాలమ్స్ కాపీ చేసి, పాత కాలమ్స్ మీద Paste Special లో Values అని పేస్ట్ చేయండి. మామూలుగా పేస్ట్ చేస్తే ఫార్ములాలే వెళ్లి అంతా పాడవుతుంది.

ఆటోనగర్_స్టోర్స్, రాత్రి 11.37

సార్, ఖాళీ అంటుకుందో లేదో LEN తో చూడొచ్చు కదా అని మీ రామయ్యనే టైప్ చేసి చూశాను. తెలుగులో మూడక్షరాల పేరు, LEN 6 అంటోంది. అంటే నా చేత్తో టైప్ చేసిన దానిలో కూడా మూడు ఖాళీలు ఉన్నట్టా? పార్ట్ నంబర్లకు నేను LEN ఎప్పుడూ వాడతాను, అక్కడ సరిగ్గానే వస్తుంది.

అరండల్‌పేట_అకౌంట్స్, రాత్రి 11.46

లేవండి, 6 సరైనదే. పార్ట్ నంబర్లు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కాబట్టి అక్కడ లెక్క సూటిగా ఉంటుంది. తెలుగులో మనం చదివే అక్షరం వేరు, కంప్యూటర్ దాచుకునే ముక్కలు వేరు. ర ఒకటి, దీర్ఘం ఒకటి, మ ఒకటి, య ఒకటి, పొల్లు గుర్తు ఒకటి, కింద వత్తుగా కనిపించే య ఇంకొకటి. మొత్తం ఆరు. నాలుగో వరుసలో ఖాళీ పెట్టిన రామయ్యకు నా దగ్గర 7 వచ్చింది. కాబట్టి తెలుగు పేర్లకు LEN వాడవచ్చు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టిన అక్షరాలతో పోల్చకూడదు. అదే పేరు ఖాళీ సెల్‌లో మళ్లీ టైప్ చేసి, రెండింటి LEN పక్కపక్కన పెట్టి చూడాలి.

చివర ఏముందో సూటిగా తెలుసుకోవాలంటే ఇది పెట్టండి.

```
=UNICODE(RIGHT(B2,1))
```

రామయ్య శుభ్రంగా ఉంటే 3119 వస్తుంది, అది య నంబరు. 160 వస్తే ఆ ఖాళీ ఉన్నట్టే. 32 వస్తే మామూలు ఖాళీ. ఎక్సెల్ 2013 నుంచి ఈ ఫంక్షన్ ఉంది, అంతకంటే పాతది అయితే #NAME? అంటుంది.

వస్త్రలత_హోల్‌సేల్, ఉదయం 7.20

రాత్రి నిద్రపోయాను, ఇప్పుడు చదివాను. ఇంత కష్టం ఎందుకండీ? PivotTable పెడితే ఫార్ములా లేకుండా రైతు వారీగా టోటల్స్ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. ఏ కాలమ్‌లో ఏముందో ఎవరికీ చెప్పక్కర్లేదు, మనమే లాగి పడేయడం.

ఆటోనగర్_స్టోర్స్, ఉదయం 7.45

ఖాళీ అంటుకుని ఉంటే పివట్‌లో కూడా రామయ్య రెండు వరుసల్లో కనిపిస్తాడు అన్నా. బరువులు టెక్స్ట్ అయితే Sum బదులు Count వేసి కూర్చుంటుంది, ఎన్ని కేజీలో చెప్పదు, ఎన్ని వరుసలో చెప్తుంది. శుభ్రం చేయడం ఎలాగూ తప్పదు. పైగా మూల లెక్క మారితే పివట్ మామూలుగా దానంతట అది మారదు, Refresh కొట్టాలి. మా స్టోర్స్‌లో అది మర్చిపోయి పాత స్టాక్ చూసి ఆర్డర్ పెట్టిన రోజులున్నాయి. నేనైతే ఫార్ములానే నమ్ముతాను.

వస్త్రలత_హోల్‌సేల్, ఉదయం 7.52

రామయ్య రెండు వరుసల్లో కనిపిస్తే మంచిదే కదా, తప్పు ఉందని కళ్ల ముందే తెలుస్తుంది. SUMIF అయితే చెప్పకుండా మింగేస్తుంది. రాత్రి సార్ అన్నది కూడా అదే. నేను పివట్ వైపే.

యార్డు_గుమస్తా, మధ్యాహ్నం 1.10

సార్, మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు సెలెక్ట్ చేస్తే Sum కనిపిస్తోంది. టోటల్స్ వచ్చాయి! చాలా చాలా థాంక్స్. కానీ ఇంకో సమస్య. పైన ఉన్న రైతులవి చేత్తో కలిపి చూశాను, సరిపోయాయి. కిందకి వెళ్లేకొద్దీ తగ్గుతున్నాయి. అట్టడుగున ఉన్న ఒకరికి సగం కూడా రాలేదు. మళ్లీ ఖాళీలేనా?

ఆటోనగర్_స్టోర్స్, మధ్యాహ్నం 1.22

ఖాళీలు అయితే పైనా కిందా తేడా లేకుండా ఎక్కడపడితే అక్కడ తగ్గాలి. పైన సరిగ్గా ఉండి, కిందకి పోయేకొద్దీ తగ్గుతోందంటే అది డాలర్ గుర్తు సమస్యే అని నా నమ్మకం. ఫార్ములా మొదటి సెల్‌లో రాసి కిందకి లాగారు కదా? కింద తక్కువ వచ్చిన ఒక సెల్ మీద క్లిక్ చేసి, పైన ఫార్ములా బార్‌లో ఏముందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ టైప్ చేయండి. అందులో పేర్లూ రేట్లూ ఏమీ ఉండవు, భయపడక్కర్లేదు.

యార్డు_గుమస్తా, మధ్యాహ్నం 1.40

41వ వరుసలో ఇలా ఉంది.

```
=SUMIF(B41:B254,H41,D41:D254)
```

అరండల్‌పేట_అకౌంట్స్, మధ్యాహ్నం 2.15

నిన్న రాత్రి నుంచి మేం అడుగుతున్నది ఈ ఒక్క లైనే గుమస్తా గారూ. మీకు తెలియకుండానే షీట్ మొత్తం చెప్పేశారు. పేర్లు B లో, బరువులు D లో, ఎవరిది ఎంతో తేల్చాల్సిన రైతుల జాబితా H లో. లెక్కలు 2వ వరుస నుంచి 215 దాకా, సరిగ్గా 214 వరుసలు, నిన్న అడుగున Count చూపించిన అంకె అదే. షీట్ ఎలా ఉందో మాటల్లో చెప్పడం కష్టంగా ఉంటే, పని చేయని ఫార్ములాను ఉన్నది ఉన్నట్టు పెడితే చాలు.

ఆటోనగర్ గారు చెప్పింది నిజం. మీరు H2 పక్కన రాసినప్పుడు పరిధి B2 నుంచి B215 దాకా ఉంది. కిందకి లాగినప్పుడు ప్రతి వరుసకూ పరిధి కూడా ఒక్కో మెట్టు జారింది. 41వ వరుసకు వచ్చేసరికి 39 మెట్లు జారి B41 దగ్గర మొదలైంది. పైన ఉన్న 39 కాటాలు ఆ రైతు లెక్కలోకి రావడం లేదు, కింద 39 ఖాళీ వరుసలు వెతుకుతోంది. ఒక రైతు సరుకు మొదట్లోనే ఎక్కువగా కాటా పడి ఉంటే ఆయనకే ఎక్కువ దెబ్బ.

I2 లోనో, మీ టోటల్ మొదలయ్యే సెల్ ఏదైతే అందులోనో ఇది పెట్టి మళ్లీ లాగండి.

```
=SUMIF($B$2:$B$215,H2,$D$2:$D$215)
```

డాలర్ ఉన్నవి కదలవు, H2 ఒక్కటే H3, H4 అని కదులుతుంది. మొత్తం లాగాక ఒక సరిచూపు చేయండి. రైతుల టోటల్స్ అన్నీ కలిపిన మొత్తం, D కాలమ్ మొత్తం, రెండూ ఒకటి కావాలి. రెండోది ఎక్కువగా ఉంటే, ఎవరి ఖాతాలోకీ వెళ్లని బరువు మిగిలిపోయినట్టు.

యార్డు_గుమస్తా, సాయంత్రం 5.30

ఇప్పుడు కింద వాళ్లవి కూడా సరిపోయాయి. కానీ మొత్తాలు ఒకటి కాలేదు సార్. D కాలమ్ మొత్తం 1129 కేజీలు ఎక్కువ ఉంది.

అరండల్‌పేట_అకౌంట్స్, సాయంత్రం 5.48

అయితే B లో ఉన్న ఏదో పేరు H జాబితాలో లేదు. లెక్కల పక్కన ఖాళీ కాలమ్‌లో ఇది పెట్టి 215 దాకా లాగండి. మీ జాబితా ఎంత దాకా ఉందో నాకు తెలియదు కాబట్టి H కాలమ్ మొత్తం ఇచ్చాను.

```
=COUNTIF($H:$H,B2)
```

ఎక్కడ 0 వస్తే ఆ వరుస ఎవరికీ చెందకుండా ఉన్నట్టు. ఎక్కడైనా 2 వస్తే ఆ పేరు జాబితాలో రెండుసార్లు ఉన్నట్టు, ఆ బరువు రెండుసార్లు లెక్కకు వస్తోంది. అది కూడా చూడండి, ఒకటి తగ్గి ఇంకొకటి పెరిగితే తేడా అసలుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది.

యార్డు_గుమస్తా, సాయంత్రం 6.20

2 ఎక్కడా రాలేదు. 0 మూడు వరుసల్లో వచ్చింది, మూడూ కలిపితే సరిగ్గా 1129. ఒకటి జాబితాలో నేను మర్చిపోయిన రైతు, రాసేశాను. మిగతా రెండింట్లో B లో వెంకటేశ్వరులు అని ఉంది, H లో వెంకటేశ్వర్లు అని ఉంది. ఇద్దరూ ఒకరేనా అని ఎక్సెల్‌లో తెలుసుకునే ఫార్ములా ఏమైనా ఉందా?

వస్త్రలత_హోల్‌సేల్, సాయంత్రం 6.31

ఒకరే అయి ఉంటారు తమ్ముడూ. టైప్ చేసినవాళ్లు తలో రకంగా కొట్టారు. మార్చేసెయ్.

అరండల్‌పేట_అకౌంట్స్, సాయంత్రం 6.50

అలా మార్చకండి. ఒకరో ఇద్దరో ఎక్సెల్‌కు తెలియదు, మాకూ తెలియదు. ఆ రెండు కాటాల పట్టీలు తీసి ఊరి పేరు చూడండి. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, దీనికి ఎదురు తప్పు కూడా ఉంటుంది. రెండు ఊళ్లలో ఒకే పేరున్న ఇద్దరు రైతులు ఉంటే మన SUMIF ఇద్దరి బరువునూ ఒకరికే కట్టబెడుతుంది, మొత్తాలు మాత్రం చక్కగా సరిపోతాయి. ఆ తప్పు ఏ సరిచూపులోనూ దొరకదు. మీ షీట్‌లో ఊరి కాలమ్ ఉందా? ఉంటే SUMIFS తో పేరూ ఊరూ రెండూ కలిసినప్పుడే కలిపేలా చేయవచ్చు. అందులో వరుస మారుతుంది, కలపాల్సిన బరువుల కాలమ్ ముందు రావాలి. ఊరు ఏ కాలమ్‌లో ఉందో చెప్తే మీ కాలమ్ అక్షరాలతోనే రాసిస్తాను.

పట్టాభిపురం_టీచర్, రాత్రి 7.15

సార్, SUM పెట్టాక నా మార్కులు వచ్చేశాయి. AB ఉన్న పిల్లలకు సగటు మాత్రం మిగతా వాళ్లకన్నా ఎక్కువ వస్తోంది, ఐదు సబ్జెక్టులతో భాగించాల్సింది నాలుగుతో భాగిస్తున్నట్టుంది. దాని గురించి వేరే చర్చ మొదలుపెడతాను, ఈసారి ఫార్ములాతో సహా పెడతాను.

యార్డు_గుమస్తా, రాత్రి 8.05

ఊరి కాలమ్ ఉంది సార్, కానీ చాలా చోట్ల ఖాళీగా ఉంది. కాటా దగ్గర రద్దీలో వదిలేసినట్టున్నారు. పట్టీలు బీరువాలో ఉన్నాయి, తాళం ఓనర్ గారి దగ్గరుంది. రేపు పొద్దున్నే తీసి, ఖాళీలన్నీ నింపి, ఊరు ఏ అక్షరం కాలమో చూసి చెప్తాను.